బీచ్ ఫొటోలో ఉన్న తెల్ల పక్షి సీగల్ కాకపోవచ్చు.. ముక్కు, తోక, ఎగిరే తీరు చూస్తే తెలిసిపోతుంది!

విశాఖ, కాకినాడ, సూర్యలంక.. ఏ బీచ్ వీడియో చూసినా కింద క్యాప్షన్ దాదాపు ఒకటే: 'సీగల్స్'. నీళ్ల మీద ఎగిరే తెల్లటి పక్షి కనిపిస్తే చాలు, సీగల్ అనేస్తున్నాం. కానీ ఆ ఫొటోల్లో ఉన్నవాటిలో చాలావరకు సీగల్స్ కాదు, టెర్న్‌లు. గల్, టెర్న్ రెండూ లారిడే అనే ఒకే కుటుంబానికి చెందిన పక్షులు. రెండూ తెలుపు, బూడిద రంగుల్లోనే ఉంటాయి. అందుకే ఈ గందరగోళం.

పేరు తప్పు రాస్తే కొంపేం మునిగిపోతుంది అనుకోవచ్చు. అసలు విషయం ఎండాకాలంలో ఉంది. గల్స్ మన తీరానికి చలికాలం అతిథులు. ఇక్కడ గూడు పెట్టవు. టెర్న్‌లలో కొన్ని మాత్రం ఎండాకాలంలో ఇక్కడే, ఇసుక మీదే గుడ్లు పెడతాయి. అంటే ఏప్రిల్, మే నెలల్లో ఇసుక దిబ్బ మీద కూర్చున్న తెల్ల పక్షి ఏదో తెలియకపోతే, మనం అడుగు వేసేది గుడ్ల మీదే కావచ్చు. ఆ సంగతి చివర్లో వివరంగా చూద్దాం. ముందు ఫొటోలో రెండింటినీ ఎలా వేరు చేయాలో తెలుసుకుందాం.

మొదట ముక్కు చూడండి.. రంగు కాదు, ఆకారం

గల్ ముక్కు కాస్త మందంగా ఉంటుంది. పై ముక్కు చివర కొద్దిగా కిందికి వంగి కొక్కెంలా కనిపిస్తుంది. కింది ముక్కు కూడా తిన్నగా ఉండదు, చివరికి వచ్చేసరికి చిన్న గడ్డంలా ఒక మలుపు తిరుగుతుంది. పెద్ద గల్స్‌లో ఇది బాగా తెలుస్తుంది, చిన్నవాటిలో తక్కువగా ఉంటుంది. చనిపోయిన చేప, హార్బర్‌లో పారేసిన చేప వ్యర్థాలు, పీత, రొట్టె ముక్క.. ఏది దొరికితే అది చింపుకుని తినే పక్షి కాబట్టి దానికి అలాంటి ముక్కు ఉంది.

టెర్న్ ముక్కు అలా కాదు. తిన్నగా, సన్నగా, చివర మొనదేలి బాకులా ఉంటుంది. నీళ్లలో కదిలే చిన్న చేపను ఒక్క పోటులో పట్టుకోవాలి కదా, అందుకు. ఫొటోను జూమ్ చేసి ముక్కు చివర మాత్రమే చూడండి. వంపు ఉంటే గల్ వైపు, సూదిలా ముగిస్తే టెర్న్ వైపు మొగ్గు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ముక్కు రంగు చూసి నిర్ణయించడం. 'ఎర్ర ముక్కు ఉంటే గల్' అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. చలికాలంలో మన తీరంలో బాగా కనిపించే బ్రౌన్ హెడెడ్ గల్‌కి ఎర్ర ముక్కు, దాని చివర నలుపు ఉంటాయి. నిజమే. కానీ టెర్న్‌లలో అన్నిటికన్నా పెద్దదైన కాస్పియన్ టెర్న్‌కి కూడా ముక్కు ఎర్రగానే ఉంటుంది. పైగా సాయంత్రం సూర్యుడికి ఎదురుగా ఫొటో తీస్తే ఎర్ర ముక్కయినా, పసుపు ముక్కయినా నల్లగానే పడుతుంది. ఆకారం మాత్రం నీడలో కూడా మారదు. అందుకే ముందు ఆకారం, తర్వాతే రంగు.

తర్వాత తోక.. విసనకర్రా? పంగలకర్రా?

గల్ తోక విసనకర్రలా ఉంటుంది. ఎగిరేటప్పుడు విప్పితే చివర గుండ్రంగా గానీ, అడ్డంగా కోసినట్టు గానీ కనిపిస్తుంది. చిన్న వయసు గల్స్‌లో తోక చివర నల్లటి పట్టీ కూడా ఉంటుంది.

టెర్న్ తోక పంగలకర్రలా రెండుగా చీలి ఉంటుంది. పల్లెల్లో కరెంటు తీగల మీద కూర్చునే నల్లటి పసుల పోలిగాడి తోకను చూసినవాళ్లకి ఈ చీలిక వెంటనే అర్థమవుతుంది. గోదావరి, కృష్ణా నదుల మీద తిరిగే రివర్ టెర్న్‌కి ఈ చీలిక చాలా లోతుగా ఉంటుంది. పసుపు ముక్కు, నల్ల టోపీ, వెనక రెండు పొడవాటి రిబ్బన్ల లాంటి ఈకలు.. అది ఎగురుతుంటే పొరపాటు పడే అవకాశమే లేదు.

కానీ అన్ని టెర్న్‌లకీ తోక అంత లోతుగా చీలి ఉండదు. కాస్పియన్ టెర్న్, గల్ బిల్డ్ టెర్న్, విస్కర్డ్ టెర్న్‌లకి చీలిక కొంచెమే ఉంటుంది. తోక విప్పిన క్షణంలో ఫొటో తీస్తే ఆ కాస్త చీలిక కూడా సాగిపోయి తోక అడ్డంగా కోసినట్టు కనిపిస్తుంది. మలుపు తిరిగేటప్పుడు, ఇసుక మీద దిగేటప్పుడు పక్షులు తోకను విప్పుతాయి. మన ఫోన్ ఫొటోల్లో ఎక్కువ భాగం సరిగ్గా అప్పుడే పడతాయి, ఎందుకంటే పక్షి దగ్గరికి వచ్చేది అప్పుడే.

దీనికి రివర్స్ కూడా జరుగుతుంది. ఈకలు రాల్చే కాలంలో గల్ తోక మధ్యలో ఈకలు లేకపోతే అక్కడ చిన్న ఖాళీ ఏర్పడి చీలికలా కనిపిస్తుంది. కాబట్టి తోక విషయంలో లెక్క ఇది: లోతైన చీలిక స్పష్టంగా కనిపిస్తే మన తీరంలో అది టెర్న్ అనుకోవచ్చు. చీలిక కనిపించలేదని మాత్రం గల్ అని రాసేయకూడదు. పక్షి ఇసుక మీద నిలబడి ఉంటే ఇంకో చిక్కు ఉంది. మడిచిన రెక్కల పొడవాటి కొనలు తోకను కప్పేస్తాయి. ఆ ఫొటోలో తోక గురించి అసలు ఆలోచించకండి, కాళ్లు చూడండి. టెర్న్ కాళ్లు బాగా పొట్టి. నేలకు ఆనుకుని కూర్చుందేమో అనిపిస్తుంది. గల్ కాళ్లు పొడవు, అది కోడిలా దర్జాగా అటూ ఇటూ నడుస్తుంది.

అసలు తేల్చేది ఎగిరే తీరే

ఒక్క ఫొటో కన్నా 10 సెకన్ల వీడియో ఎక్కువ చెబుతుంది అనడానికి కారణం ఇదే. గల్ బరువుగా, నింపాదిగా ఎగురుతుంది. రెక్కలు నెమ్మదిగా ఆడిస్తుంది, మధ్యమధ్యలో ఆపి గద్దలా గాలిలో తేలుతుంది. తల ముందుకు, ముక్కు వెళ్లే దారి వైపు ఉంటుంది.

టెర్న్ తేలిగ్గా ఎగురుతుంది. రెక్క కొట్టిన ప్రతిసారీ ఒళ్లు కాస్త పైకి లేచి కిందికి దిగుతుంది. రెక్కలు సన్నగా, పొడవుగా, కొనలు మొనదేలి ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు తల. వేటలో ఉన్న టెర్న్ ముక్కు నీళ్ల వైపు కిందికి చూస్తూ ఉంటుంది. ముందుకు వెళ్తోంది కానీ చూపు మాత్రం కింద. వీడియోను ఎక్కడ పాజ్ చేసినా ఈ గుర్తు దొరుకుతుంది.

చేప కనిపించగానే చాలా టెర్న్‌లు గాలిలో ఒకేచోట రెక్కలు టపటపలాడిస్తూ నిలుస్తాయి. చెరువు మీద నలుపు తెలుపు లకుముకి పిట్ట చేసినట్టే. తర్వాత తలకిందులుగా నీళ్లలోకి దూకుతాయి. గోరువంక సైజులో ఉండే లిటిల్ టెర్న్ నుంచి పెద్ద కాస్పియన్ టెర్న్ వరకు ఈ పని చేస్తాయి. మీ వీడియోలో తెల్ల పక్షి పైనుంచి నిట్టనిలువుగా నీళ్లలో పడి లేచిందంటే అది దాదాపు ఖాయంగా టెర్నే.

అయితే దూకకపోయినంత మాత్రాన టెర్న్ కాదని కాదు. విస్కర్డ్ టెర్న్ నీళ్లను ముక్కుతో అలా తాకి పైకి లేస్తుంది, ఒళ్లు తడవదు. గల్ బిల్డ్ టెర్న్ అయితే బురద నేల మీద, పొలాల మీద కూడా ఎగురుతూ పీతల్నీ, పురుగుల్నీ ఎత్తుకుపోతుంది.

ఇంకో సులువైన గుర్తు: నీళ్ల మీద బాతుల్లా తేలుతూ కూర్చున్న తెల్ల పక్షుల గుంపు కనిపిస్తే అవి గల్స్. టెర్న్‌లు నీళ్లలో కూర్చోవడం చాలా అరుదు. అవి విశ్రాంతి తీసుకునేది ఇసుక దిబ్బల మీద, వల కర్రల మీద, తేలే చెక్కల మీద. కాశీ ఘాట్లలో పడవల చుట్టూ మూగి, కారప్పూస విసిరితే గాల్లోనే అందుకునే పక్షుల వీడియోలు చూసే ఉంటారు. అవి గల్స్. టెర్న్‌కి కారప్పూసతో పని లేదు.

ఒక ఫొటో తీసుకుని తేల్చి చూద్దాం

ఇప్పుడు ఈ మూడు గుర్తుల్నీ కలిపి వాడదాం. జనవరిలో కాకినాడ దగ్గర, హోప్ ఐలాండ్ వైపు వెళ్లే పడవ నుంచి తీసిన ఫొటో మీ చేతిలో ఉందనుకోండి. ఆటు సమయం. నీళ్లు తగ్గి బురద దిబ్బ బయటపడింది. దాని మీద పది పన్నెండు తెల్ల పక్షులు నిలబడ్డాయి, ఇంకొకటి వాటి మీదుగా ఎగురుతోంది. క్యాప్షన్‌లో అన్నిటికీ కలిపి 'సీగల్స్' అని ఉంది.

ముందు నిలబడ్డవాటిని చూద్దాం. ఎక్కువ పక్షులకి ఎర్ర ముక్కు, చివర నలుపు. కాళ్లు ఎరుపు, ఓ మోస్తరు పొడవు. తల తెల్లగా ఉంది, కంటి వెనక నల్లటి చుక్క. ఒకటి రెక్క చాపింది. రెక్క కొన నల్లగా ఉండి అందులో తెల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. ఇవి బ్రౌన్ హెడెడ్ గల్స్. పేరులో బ్రౌన్ హెడ్ ఉంది కదా, తల తెల్లగా ఉందేమిటి అనే అనుమానం రావచ్చు. ఆ గోధుమ రంగు టోపీ గుడ్లు పెట్టే కాలంలోనే వస్తుంది. చలికాలంలో మిగిలేది చెవి దగ్గర చుక్క మాత్రమే.

ఆ గుంపులోనే ఒక పక్షి మిగతావాటి కన్నా పెద్దగా ఉంది. దాని ముక్కు కూడా ఎరుపే, కానీ క్యారెట్ అంత లావు. ఎర్ర ముక్కు కాబట్టి పెద్ద గల్ అనేయాలనిపిస్తుంది. ఆగండి. ముక్కు చివర వంపు లేదు, తిన్నగా మొనదేలింది. కాళ్లు పొట్టిగా, నల్లగా ఉన్నాయి. నుదురు నుంచి కంటి కింది దాకా నల్లటి చారల టోపీ. ఇది కాస్పియన్ టెర్న్. బ్రౌన్ హెడెడ్ గల్ పొడవు 42 సెంటీమీటర్ల దాకా ఉంటే ఇది 50 దాటుతుంది. ఎర్ర ముక్కు పక్షులు రెండు పక్కపక్కనే ఉన్నప్పుడు కాళ్ల రంగు చూడటం మంచి చిట్కా. ఎర్ర కాళ్లది ఆ గల్, నల్ల కాళ్లది ఈ టెర్న్.

ఇక ఎగురుతున్న పక్షి. అసలు చిక్కు దీనితోనే. సైజు గల్ కన్నా కాస్తే తక్కువ. తల తెల్లగా ఉంది, కంటి వెనక నల్లటి మచ్చ ఉంది, అంటే అచ్చం చలికాలపు గల్ లాగే. ముక్కు మందంగా ఉంది. తోకలో లోతైన చీలిక లేదు. కింద నీళ్లు కూడా లేవు, బురద మీద తిరుగుతోంది. నాలుగు గుర్తులూ గల్ అనే చెబుతున్నట్టున్నాయి. కానీ ముక్కు పూర్తిగా నలుపు, చివర కొక్కెం లేదు. రెక్కలు సన్నగా పొడవుగా ఉన్నాయి. బ్రౌన్ హెడెడ్ గల్ రెక్క కొనలో ఉండే నలుపు, తెల్ల మచ్చలు దీనికి లేవు.

అదే సమయంలో తీసిన చిన్న వీడియో ఉంటే అనుమానం పూర్తిగా తీరుతుంది. పక్షి ముక్కు కిందికి పెట్టుకుని దిబ్బ పొడవునా ఎగిరింది. ఒక్కసారిగా కిందికి జారి, కాళ్లు నేలకు ఆనించకుండానే బురదలోంచి చిన్న పీతను తన్నుకుని పైకి లేచింది. గల్ అయితే దిగి, నడిచి, పొడుచుకుని తినేది. ఇది గల్ బిల్డ్ టెర్న్. గల్ లాంటి ముక్కున్న టెర్న్ అని పేరులోనే ఉంది. అంటే ఈ పొరపాటు మనకొక్కరికే కాదు, పేరు పెట్టినవాళ్లకీ ఆ పోలిక కనిపించింది.

చూశారుగా, ఒకే ఫ్రేమ్‌లో మూడు రకాలు. రంగు ఒక్కటే చూసి ఉంటే మూడింటినీ గల్స్ అనేవాళ్లం. ముక్కు, తోక, ఎగిరే తీరులో ఏదో ఒక్కటి పట్టుకుని తీర్పు ఇవ్వకుండా, కనీసం రెండు గుర్తులు ఒకే మాట చెప్పేదాకా ఆగితే తప్పు బాగా తగ్గుతుంది. దూరంగా, నీడలా పడిన ఫొటోలో రెండు గుర్తులు దొరకవు. అలాంటప్పుడు 'గల్ లేదా టెర్న్' అని రాసి వదిలేయడమే సరైన పని. ఈబర్డ్ లాంటి యాప్‌లలో కూడా రకం పేరు తేలనప్పుడు అలా నమోదు చేసే వీలుంది.

ఫోన్‌తో తీసేటప్పుడు ఇలా చేయండి

సూర్యుడు మీ వెనక ఉండేలా నిలబడండి, ముక్కు రంగు సరిగ్గా పడుతుంది. ఫోన్‌లో డిజిటల్ జూమ్ పెంచుకుంటూ పోతే మొనదేలిన ముక్కు కూడా మొద్దుగా, మసకగా మారుతుంది. అందుకే ఓ మోస్తరు జూమ్‌లోనే ఆగి వీడియో తీయండి. స్లో మోషన్ ఉంటే ఇంకా మేలు. తర్వాత ఒక్కో ఫ్రేమ్ పాజ్ చేసి చూస్తే తోక మూసినప్పుడు ఒకటి, విప్పినప్పుడు ఒకటి దొరుకుతాయి. మూసిన తోకలోనే చీలిక బాగా తెలుస్తుంది. దాంతోపాటు తేదీ, ఊరు రాసి పెట్టుకోండి. నెల కూడా ఒక గుర్తే.

ఏప్రిల్, మే నెలల్లో జాగ్రత్త!

నెల ఎందుకు గుర్తు అంటే.. బ్రౌన్ హెడెడ్ గల్స్ లద్దాఖ్, టిబెట్ వైపు ఎత్తయిన సరస్సుల దగ్గర గుడ్లు పెడతాయి. చలికాలం మన దగ్గర గడిపి, ఎండలు ముదిరేసరికి చాలావరకు తిరిగి వెళ్లిపోతాయి. వెనక ఆగిపోయిన ఒకటీ అరా కనిపించినా అవి ఇక్కడ గూడు కట్టవు.

లిటిల్ టెర్న్ అలా కాదు. ఎండాకాలంలో పసుపు ముక్కు, దాని చివర నలుపు, తెల్లటి నుదురుతో తీరంలో కనిపిస్తుంది. అది పుల్లలతో గూడు కట్టదు. ఇసుకలో చిన్న గుంట చేసి రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు ఇసుక రంగులో, మచ్చలతో ఉంటాయి. పక్కనే నిలబడినా కనిపించవు. రివర్ టెర్న్ కూడా ఇలాగే నదుల మధ్య ఇసుక దిబ్బల మీద గుడ్లు పెడుతుంది. ఈ రివర్ టెర్న్ ప్రమాదంలో ఉన్న పక్షుల ప్రపంచ జాబితాలో ఉంది.

ఇక్కడే మన వీడియోల సంగతి వస్తుంది. 'సీగల్ మా మీద దాడి చేసింది' అంటూ ఎండాకాలంలో తీసిన వీడియోలో చీలిన తోక పక్షి పదేపదే అరుస్తూ తల మీదికి దూసుకొస్తుంటే, అది కోపం కాదు, గుడ్లు దగ్గర్లో ఉన్నాయని అర్థం. ఇంకో షాట్ కోసం అక్కడే నిలబడితే తల్లి గూటికి రాదు. మిట్టమధ్యాహ్నం కాలిపోయే ఇసుక మీద నీడ లేని గుడ్డు ఎక్కువసేపు నిలవదు. ఈలోగా కాకులు, కుక్కలు కూడా వస్తాయి.

అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. పరిగెత్తకుండా, కింద చూసుకుంటూ, మీరు వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి వెళ్లండి. కొత్త దారిలో వెళ్తే ఇంకో గుంటలో కాలు పడొచ్చు, ఎందుకంటే టెర్న్‌లు తరచూ గుంపుగానే గుడ్లు పెడతాయి. ఆ దిబ్బ మీదికి బైకులు, జీపులు తీసుకెళ్లొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడాన్ని కూడా వేట కిందే చూస్తుంది. వీడియో పోస్ట్ చేసినా ఆ చోటు లొకేషన్ మాత్రం పెట్టకండి. గుడ్లు పొదిగి పిల్లలు బయటికి రావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. ఆ కొన్ని వారాలు ఆ ఇసుక దిబ్బ వాటికి వదిలేస్తే చాలు.